దగ్గరి విలువ వేస్తే పక్క ఆప్షన్ వచ్చి కూర్చుంటోంది, ఎక్కడ తప్పుతున్నాను?

మహేంద్రతనయ_99 · పర్లాకిమిడి · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌కి చదువుతున్నాను. లెక్కలకి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ఒక్కోదానికి 34 సెకన్లు. కాగితం మీద పూర్తిగా చేసుకుంటూ పోతే ఇరవై కూడా దాటడం లేదు. అందుకని నెల రోజులుగా అంకెల్ని రౌండ్ చేసి కొడుతున్నాను. వేగం వచ్చింది గానీ మార్కులు పెరగలేదు. తప్పుకి పావు మార్కు కోత ఉంది కదా, ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోతోంది.

ఇవాళ మాక్ టెస్టులో వచ్చిన లెక్క చూడండి. పట్టికలో ఒక షోరూమ్ అమ్మిన బళ్ల సంఖ్య ఇచ్చాడు. మొదటి ఏడాది 3,847, రెండో ఏడాది 4,612. ఎంత శాతం పెరిగిందో దగ్గరి విలువ చెప్పమన్నాడు. ఆప్షన్లు ఇవి:

17.6 / 18.5 / 19.9 / 21.2 / 22.8

నేను 3,847ని 3,800 అనుకున్నాను, 4,612ని 4,600 అనుకున్నాను. తేడా 800. దాన్ని 3,800తో భాగిస్తే 21.05. పక్కనే 21.2 కనపడింది, నొక్కేశాను. ఎనిమిది సెకన్లు పట్టింది, లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. తీరా చూస్తే జవాబు 19.9 అట. దగ్గరి వందకి మార్చడమే కదా నేను చేసింది? అంత దూరం ఎలా పోయింది?

షార్ట్‌కట్_శ్రీను · గుణుపురం · రాత్రి 9:52

తమ్ముడూ, చాలా సింపుల్. నువ్వు రెండంకెల్నీ కిందికే దించేశావు. ఒకటి పైకి వెళ్తే రెండోది కిందికి రావాలి, అప్పుడు తప్పు తప్పుతో కొట్టుకుపోతుంది. నేను రోజూ పాసింజర్లో వెళ్తూ ఇలాగే నలభై లెక్కలు చేస్తాను.

3,847ని 3,900 చెయ్యి, 4,612ని 4,600 చెయ్యి. తేడా 700. 700 బై 3,900 అంటే 17.9. సో ఆన్సర్

ఆగు. 17.6 దగ్గరికి పోతోంది.

సరే, ఈ లెక్కకి పని చేయలేదు, ఒప్పుకుంటాను. కానీ గుణకారంలో ఈ రూలు ఎప్పుడూ తప్పదు.

నాగావళి_గట్టు · రాయగడ · రాత్రి 10:15

మహేంద్రతనయా, నీ భాగహారం బాగానే ఉంది. పోయింది తీసివేతలో. శ్రీనుకి 17.9 వచ్చింది కూడా అక్కడే. నేను నాలుగో ప్రయత్నంలో క్లర్కునయ్యాను, మొదటి మూడు సార్లూ నన్ను ముంచింది ఇదే, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

3,847ని 3,800 చేసినప్పుడు 47 వదిలేశావు. 3,847లో 47 అంటే ఒకటింపావు శాతం, పెద్ద సంగతేం కాదు. 4,612లో 12 వదిలావు, అది పావు శాతం. రెండూ ముచ్చటగా చిన్నవి. కానీ ఇప్పుడు వాటి తేడా చూడు. 765 ఉండాల్సింది 800 అయింది. ఎక్కువ పడింది 35. ఆ 35ని 4,612 పక్కన పెడితే ఒక శాతం కూడా కాదు. 765 పక్కన పెడితే నాలుగున్నర శాతం. మనం భాగించేది 4,612ని కాదు, 765ని. పెద్ద అంకెల్లో కనపడకుండా దాక్కున్న తప్పు, తీసివేశాక చిన్న అంకె మీదికి వచ్చి పడింది.

దాని మీద నువ్వు కింద ఉన్న 3,847ని కూడా తగ్గించావు. కింద తగ్గితే జవాబు పెరుగుతుంది, ఇంకో ఒకటింపావు శాతం అక్కడ. మొత్తం దాదాపు ఆరు శాతం. 19.9 మీద ఆరు శాతం వేస్తే 21.1. నీకు వచ్చింది 21.05. ఏ మంత్రమూ లేదు, లెక్క ప్రకారమే తప్పు వచ్చింది.

నేనైతే ఇలా చేస్తాను. తీసివేతని ముట్టుకోను, పూర్తిగా చేస్తాను. 3,847కి 153 కలిపితే 4,000, అక్కణ్ణుంచి ఇంకో 612, మొత్తం 765. ఇప్పుడు 3,847లో పది శాతం 384.7, ఇరవై శాతం 769 పైచిలుకు. మన దగ్గర ఉన్నది 765, అంటే ఇరవైకి నాలుగు తక్కువ. ఒక శాతం 38 అయినప్పుడు నాలుగు అంటే 0.1. జవాబు 19.9. నీకన్నా రెండు మూడు సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

కాశీనగర్_పిక్కలు · కాశీనగర్ · రాత్రి 10:31

రౌండ్ ఫిగర్ విషయంలో మా వ్యాపారస్తుల బాధ కూడా వినండి. 50 పైసలు దాటితే రూపాయి, దాటకపోతే వదిలేయడం, ఇది మేమూ చేస్తాం, బిల్లులో ఎవరూ గొడవ పడరు. కానీ కాటా దగ్గర మాత్రం అన్యాయం జరుగుతోంది. నాకు జీడిపిక్కల వ్యాపారం. మొన్న పికప్ బండిలో సరుకు వేసుకుని వేబ్రిడ్జి ఎక్కించాను. లోడుతో 2,640 కిలోలు, ఖాళీ బండి 1,760. కుర్రాడు స్లిప్పు మీద చేత్తో 2,600, 1,800 అని రాసి, రౌండే కదా అన్నాడు. సరుకు 800 కిలోలకి డబ్బులిచ్చారు. నా సరుకు 880. ఇంటికొచ్చాక గానీ నాకు వెలగలేదు. మీరు చదువుకున్నవాళ్లు, ఏ రూలు ప్రకారం ఇలా రాయచ్చో చెప్పండి.

మహేంద్రతనయ_99 · రాత్రి 10:38

బాబాయ్, ఇది పరీక్షల గురించిన చర్చండి. కాటా గురించి కాదు.

నాగావళి_గట్టు · రాత్రి 10:44

కాదు, ఆయన చెప్పింది అచ్చంగా నీ లెక్కే. చూడు, 2,640ని 2,600 చేస్తే తప్పు ఒకటిన్నర శాతం. 1,760ని 1,800 చేస్తే రెండుంపావు. ఏదీ పెద్దగా కనపడదు. సరుకులో మాత్రం 880కి 80 పోయింది, తొమ్మిది శాతం. పైగా శ్రీను చెప్పినట్టు ఒకటి పైకి, ఒకటి కిందికి వెళ్లాయి. తీసివేతలో అలా వెళ్తే తప్పులు కొట్టుకుపోవు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. 40, 40 కలిసి 80 అయ్యాయి.

బాబాయ్‌గారూ, ఏ రూలూ లేదండి. రెండు తూకాలూ మిషన్ ప్రింటు తీసి ఇమ్మనండి. తేడా తీశాక కావాలంటే రౌండ్ చేసుకోమనండి.

షార్ట్‌కట్_శ్రీను · రాత్రి 10:50

అక్కా, నన్ను కాటా కుర్రాడితో కలిపేశావు 😀

మహేంద్రతనయ_99 · సోమవారం ఉదయం 6:20

రాత్రి పడుకునే ముందు పాత మాక్‌లు తీసి చూశాను. తప్పు పోయిన పదకొండు దగ్గరి విలువ లెక్కల్లో ఆరు ఇలాంటివే. పెరుగుదల శాతం, తగ్గుదల శాతం, లాభం. అన్నిట్లో ముందు రౌండ్ చేసి తర్వాత తీసేశాను. మరి మిగిలిన ఐదు? వాటిలో తీసివేతే లేదు. ఎంతవరకు రౌండ్ చేస్తే పరవాలేదో ముందే ఎలా తెలుస్తుంది?

నాగావళి_గట్టు · ఉదయం 7:05

ఆప్షన్లు చూస్తే తెలుస్తుంది. ప్రశ్నలో అంకెలు ఎంత వంకరగా ఉన్నా భయం లేదు. ఆప్షన్ల మధ్య ఎడం ఎంతో చూసుకో, అందులో సగం వరకు నీకు తప్పు చేసే స్వేచ్ఛ ఉంది. సగం దాటితే పక్కింట్లోకి వెళ్లిపోతావు.

నీ లెక్కే తీసుకుందాం. 19.9కి పై ఆప్షన్ 21.2. మధ్య ఎడం 1.3, సగం 0.65. ఇరవైలో 0.65 అంటే మూడు శాతం పైచిలుకు. అంటే మొత్తం లెక్కలో నీ రౌండింగు మూడు శాతం లోపు ఉండాలి. నువ్వు ఆరు శాతం ఖర్చు పెట్టావు. ఇంట్లో ఉన్న డబ్బు ఎంతో చూసుకోకుండా సంతకి వెళ్లినట్టు అన్నమాట.

అదే ఇంకో లెక్క చూడు. 578లో 31.9 శాతం ఎంత? ఆప్షన్లు 120 / 150 / 185 / 230 / 290. ఇక్కడ ఒక్కో ఆప్షనూ పక్కదానికి ఐదో వంతు దూరంలో ఉంది. పది శాతం తప్పినా పరవాలేదు. 600లో 30 శాతం 180, అంతే, 185 నొక్కి ముందుకి పో. అసలు విలువ 184.4. ఇక్కడ 578 × 0.319 అని కాగితం మీద గుణిస్తూ కూర్చుంటే ఆ ఇరవై సెకన్లు ఎవరిస్తారు?

ఇంకొకటుంది. 48.02 × 24.98 ÷ 12.01 + 649.8లో 18.03 శాతం, ఇలా కనపడితే ఆలోచించక్కర్లేదు. లెక్క రాసినవాడే 48, 25, 12, 650, 18 అని రాసుకుని, తర్వాత చివర్లు చెరిపాడు. 100 + 117 = 217. అవి ఎలాగూ అందరూ చేస్తారు. మార్కుల తేడా వచ్చేది పట్టికల దగ్గర. అక్కడ అంకెలు ఎవరి కోసమూ గుండ్రంగా ఉండవు.

మాస్టారు_బరంపురం · బరంపురం · ఉదయం 8:30

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. రాత్రి నుంచి చదువుతున్నాను. అమ్మాయి చెప్పింది సరిగ్గానే ఉంది గానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. ఆప్షన్లు చూసి లెక్క చేయడం ఏమిటి? జవాబు చేతిలో ఉన్నాక ఆప్షన్ చూడాలి. ముందే చూస్తే మనసు ఒకదాని వైపు మొగ్గుతుంది. ఈ అబ్బాయి 21.05 రాగానే 21.2 నొక్కింది అందుకే కదా.

రెండోది, ఐదో ఆప్షన్‌గా 'ఇవేవీ కావు' అని ఉంటే మీ ఎడం లెక్క ఏమవుతుంది? మూడు దగ్గరగా ఉన్నంత మాత్రాన అసలు జవాబు వాటిలో ఉందని ఎవరు చెప్పారు?

నాగావళి_గట్టు · ఉదయం 8:52

మాస్టారూ, నమస్కారమండి. రెండో మాటకి తిరుగు లేదు. 'ఇవేవీ కావు' ఉన్న ప్రశ్నలో అందాజు లెక్క పనికిరాదు. అది పూర్తిగా చేయాలి, లేదా వదిలేయాలి. ప్రశ్నలో దగ్గరి విలువ అన్న మాట ఉందా లేదా చూడకుండా రౌండ్ చేయడం నేనూ ఒప్పుకోను.

మొదటి మాటతో మాత్రం ఏకీభవించలేనండి. నేను ఆప్షన్లలో చూసేది జవాబు కాదు, ఎడం. 34 సెకన్లలో ఎంత జాగ్రత్త పడాలో తెలియకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు.

షార్ట్‌కట్_శ్రీను · ఉదయం 9:10

తీసివేత సంగతి ఒప్పుకున్నాను, మళ్లీ గుణకారానికి వస్తున్నాను. ఒకటి పైకి, ఒకటి కిందికి. 387 × 612. 387ని 400, 612ని 600. 2,40,000. నాలుగు సెకన్లు. దీన్ని ఎవరైనా కాదనగలరా?

నాగావళి_గట్టు · మధ్యాహ్నం 1:20

లంచ్‌లో ఉన్నాను, అందుకే ఆలస్యం. శ్రీనూ, నీ లెక్కకి నేను ఆప్షన్లు పెడతాను, ఏది నొక్కుతావో చెప్పు.

2,28,500 / 2,32,600 / 2,36,800 / 2,41,100 / 2,45,000

షార్ట్‌కట్_శ్రీను · మధ్యాహ్నం 1:24

2,41,100. ఇంకేముంది, 1,100 తేడా.

నాగావళి_గట్టు · మధ్యాహ్నం 1:37

387 × 600 = 2,32,200. 387 × 12 = 4,644. కలిపితే 2,36,844.

దిక్కు సరిగ్గానే చెప్పావు. గుణకారంలో ఒకటి పెంచితే ఇంకోటి తగ్గించాలి. కానీ ఎంత పెంచావో శాతంలో అంతే తగ్గించాలి, అంకెలో కాదు. 387ని 400 చేస్తే 13 పెరిగింది, అది మూడు శాతం దాటి మూడుంపావు పైన ఉంది. 612ని 600 చేస్తే 12 తగ్గింది, అది రెండు శాతం. 13కి 12 సరిపోయిందని నీకు అనిపించింది. కానీ చిన్న అంకె మీద 13 బరువు వేరు, పెద్ద అంకె మీద 12 బరువు వేరు. మిగిలిపోయిన ఒకటింపావు శాతమే నిన్ను పక్క ఆప్షన్‌కి తీసుకెళ్లింది. ఇక్కడ ఆప్షన్ల మధ్య ఎడం రెండు శాతం కూడా లేదు, అందులో సగం అంటే ఒక శాతం లోపు. అంతకు మించావు.

శాతం సరిపెట్టాలంటే, 387ని 400 చేశాక 612లోంచి కూడా మూడుంపావు పైచిలుకు శాతం, అంటే దాదాపు 21 తీసెయ్యి. 400 × 591 = 2,36,400. 2,36,800 పక్కనే నిలబడింది.

భాగహారంలో దిక్కు తిరగబడుతుంది, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. పైనా కిందా రెండూ ఒకే వైపు వెళ్లాలి. 4,147 ÷ 58.7 చూడు. నీ పద్ధతిలో 4,100 ÷ 60 వేస్తే 68.3, తిరగేసి 4,200 ÷ 58 వేస్తే 72.4. అసలు విలువ 70.65. రెండూ రెండు పక్కలకి పోయాయి. రెండిటినీ పైకి లేపి 4,200 ÷ 60 వేస్తే 70. ఇంకా దగ్గరికి కావాలంటే 58.7ని 60 చేయడానికి రెండు శాతం పైన పెంచావు కదా, 4,147కి కూడా అంతే, ఓ 93 కలుపు. 4,240 ÷ 60 = 70.67.

షార్ట్‌కట్_శ్రీను · మధ్యాహ్నం 1:50

నా పేరు మార్చుకోవాలేమో. రెండేళ్లుగా భాగహారానికి కూడా ఒకటి పైకి ఒకటి కిందికి వేస్తున్నాను. చాలాసార్లు కరెక్టే వచ్చేది, అందుకే అనుమానం రాలేదు.

నాగావళి_గట్టు · మధ్యాహ్నం 1:53

ఆప్షన్లు దూరంగా ఉన్నప్పుడు ఏ పద్ధతైనా కరెక్టే వస్తుంది. దగ్గరగా ఉన్న రోజే బయటపడుతుంది.

ప్రాణహిత_ఒడ్డు · సిరొంచ · సాయంత్రం 4:15

అన్నా, అక్కా, నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా, నది దాటితే తెలంగాణ. నేను రైల్వేకి చదువుతున్న. మాకు నాలుగే ఆప్షన్లు, తప్పుకి మూడో వంతు కోత. మాకు వచ్చే లెక్కల్లో ఎక్కువ భాగం ఖచ్చితమైన జవాబు అడుగుతారు, ఆప్షన్లు అంటుకుని ఉంటయ్. అక్కడ మీ శాతాలు ఏం చేస్తయ్? 347 × 286కి ఆప్షన్లు 98,842 / 99,242 / 99,342 / 99,642. అన్నీ 42తోనే అయిపోతయ్, చివరి అంకె చూసినా లాభం లేదు.

నేను అంకెల మొత్తం వేస్త. 3+4+7 = 14, అది 5. 2+8+6 = 16, అది 7. 5 × 7 = 35, అంటే 8. ఇప్పుడు ఆప్షన్లు. 98,842 కూడితే 4. 99,242 కూడితే 8. 99,342కి 9, 99,642కి 3. జవాబు 99,242. పది సెకన్లు. రౌండింగు అసలు అవసరమే లేదు అంటా నేను, దగ్గరి విలువ ప్రశ్నకి కూడా ఇదే వేస్తున్న. అయితే అక్కడ ఎందుకో ఒక్కోసారి ఏ ఆప్షనూ కలవట్లేదు.

మాస్టారు_బరంపురం · సాయంత్రం 5:00

కలవదు నాయనా, కలవకూడదు. అంకెల మొత్తం అనేది తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం. ఖచ్చితమైన జవాబుకే ఆ శేషం ఉంటుంది. 19.886ని 19.9 అని రాశాక పాత శేషం ఎక్కడుంటుంది? దగ్గరి విలువ ప్రశ్నలో ఆ పద్ధతి వేయడం అంటే గుమ్మడికాయని మూరతో కొలిచినట్టు.

ఖచ్చితమైన ప్రశ్నలో కూడా జాగ్రత్త. 99,242, 99,422 రెండూ ఆప్షన్లలో ఉన్నాయనుకో. అంకెలు అవే, స్థానాలు మారాయి, మొత్తం రెండిటికీ 8 వస్తుంది. నేను పేపరు తయారుచేస్తే ఆ రెండూ పక్కపక్కనే పెడతాను.

నాగావళి_గట్టు · సాయంత్రం 5:30

మాస్టారు చెప్పిన చోట రెండూ కలిపి వాడొచ్చు తమ్ముడూ. 347 × 286 అంటే 347 × 300లోంచి 347 × 14 తీసెయ్యాలి. 1,04,100లోంచి దాదాపు 4,900. అంటే 99,200 దగ్గర. 99,422 అప్పుడే పక్కకి పోతుంది. ముందు అందాజుతో దూరపువాటిని తరిమెయ్, మిగిలినవాటికి అంకెల మొత్తం. భాగహారంలో, దశాంశాల్లో మాత్రం అంకెల మొత్తం జోలికి వెళ్లకు, అక్కడ చాలా చోట్ల తప్పుదారి పట్టిస్తుంది.

ప్రాణహిత_ఒడ్డు · సాయంత్రం 5:48

సరే అక్కా. ఇంకో మాట. మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పాఢే, అంటే ఎక్కాలు, అన్నీ మరాఠీలోనే వచ్చు. మరాఠీలో 47ని సత్తేచాళీస్ అంటరు, ఏడు ముందు, నలభై తర్వాత. తొందరలో 74 అని రాసేస్త. అంకెలు తిరగబడితే ఏ పద్ధతీ కాపాడదు.

మహేంద్రతనయ_99 · సాయంత్రం 6:10

అన్నా, నాదీ అదే కథ! మా బడిలో ఒడియా, ఎక్కాలు కూడా పణికియా అనే నేర్చుకున్నాం. సతచాళిశ అంటూ ఏడు ముందొస్తుంది. ఇంట్లో అమ్మ నలభై ఏడు అంటుంది. రౌండ్ చేసేటప్పుడు మాత్రం తెలుగులో అనుకుంటే నాకు సుఖంగా ఉంది, పెద్ద అంకె ముందు చెవిలో పడుతుంది కాబట్టి. మూడు వేల ఎనిమిది వందలు అనగానే సగం పని అయిపోతుంది.

మాస్టారు_బరంపురం · సాయంత్రం 6:25

ముప్పై ఏళ్లలో ఈ సంగతి నాకు ఒక్క పిల్లవాడూ చెప్పలేదు. అడగలేదేమో నేను.

వాణి_జయపురం · జయపురం · రాత్రి 8:40

ఇప్పుడే చూశాను, మొత్తం చదివాను. నాకు శాతం అక్కర్లేదు, ఏది పెద్దదో చెప్పమంటాడు చూడండి, అక్కడ ఇరుక్కుంటున్నాను. ఏ ఏడాది ఉత్తీర్ణత ఎక్కువ అని. ఒక ఏడాది 1,263 మందిలో 437, తర్వాతి ఏడాది 1,471 మందిలో 512. రెండూ 35 శాతంలా కనపడుతున్నాయి. రౌండ్ చేస్తే ఏది పెద్దదో తెలియడం లేదు.

నాగావళి_గట్టు · రాత్రి 9:05

వాణీ, ఇక్కడ రౌండ్ చేస్తే ఉన్న తేడా కూడా పోతుంది. 34.6 శాతానికీ 34.8కీ మధ్య పోటీ ఇది. కొత్తగా చేరినవాళ్లని మాత్రం చూడు. పరీక్ష రాసినవాళ్లు 1,471 - 1,263 = 208 మంది పెరిగారు. పాసైనవాళ్లు 512 - 437 = 75 మంది పెరిగారు. 208లో 75 అంటే 36 శాతం. పాత 35 శాతంలోపు గుంపుకి 36 శాతం గుంపు వచ్చి కలిసింది, సగటు పెరగక తప్పదు. రెండో ఏడాదే ఎక్కువ. పల్చటి మజ్జిగలో చిక్కటిది పోస్తే ఏమవుతుందో అంతే.

తీసివేతలు ఇక్కడ కూడా పూర్తిగా చేశాను, గమనించు. రౌండ్ చేసింది ఆఖర్న 75 బై 208ని చూసినప్పుడే.

వాణి_జయపురం · రాత్రి 9:12

కొత్త గుంపు శాతం కూడా 34.7 లాంటిది వస్తే?

నాగావళి_గట్టు · రాత్రి 9:15

నేనైతే వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్తాను. ఇంకెవరికైనా ఉపాయం తెలిస్తే చెప్పండి.

షార్ట్‌కట్_శ్రీను · రాత్రి 9:18

అడ్డంగా గుణించడమే. 437 × 1,471, 512 × 1,263. కానీ దాన్ని షార్ట్‌కట్ అనలేం.

మాస్టారు_బరంపురం · రాత్రి 9:30

వదిలేయడం కూడా నాకు నచ్చదు. నలభై సెకన్లు పట్టినా చేయండి.

నాగావళి_గట్టు · రాత్రి 9:34

మాస్టారూ, ఆ నలభై సెకన్లలో తేలిక లెక్కలు రెండు అవుతాయండి.

మహేంద్రతనయ_99 · బుధవారం రాత్రి 10:05

ఇవాళ ఇంకో మాక్ రాశాను. దగ్గరి విలువ ప్రశ్నలు పన్నెండు వచ్చాయి. తీసివేతలన్నీ పూర్తిగా చేశాను. పన్నెండులో తొమ్మిది కరెక్ట్, ఒకటి వదిలేశాను, రెండు పోయాయి. పోయిన వాటిలో ఒకదానికి ఆప్షన్లు 412, 418, 425. ఎడం చూసుకున్నాను, ఒకటిన్నర శాతమే ఉంది, సగం అంటే ముక్కాలు శాతం అని తెలుసు. తెలిసీ 43.4ని 43 చేశాను. టైమ్ చూసి కంగారుపడ్డాను. రెండోది 74 బదులు 47 రాసుకున్నాను.

మాస్టారు చెప్పినట్టు ఆప్షన్లు చూడకుండా కూడా ఆరు లెక్కలు చేసి చూశాను. అందులోనూ ఐదు వచ్చాయి గానీ టైమ్ ఎక్కువ పట్టింది. ఏది మేలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

కాశీనగర్_పిక్కలు · రాత్రి 10:20

బాబూ, నేను ఇవాళ మళ్లీ కాటాకి వెళ్లాను. ప్రింటు స్లిప్పు అడిగితే మిషన్లో కాగితం లేదన్నాడు. సెల్లో రెండు అంకెలకీ ఫోటో తీసుకున్నాను. 2,710, 1,755. ఎంతో మీరే చెప్పండి, రౌండ్ చేయకుండా.

మహేంద్రతనయ_99 · రాత్రి 10:21

955 కిలోలు బాబాయ్.